ఇంట్లో సిగ్నల్ ఎక్కడ పోతుంది? బూస్టర్, ఫెమ్టోసెల్ ఎంతవరకు పనికొస్తాయి?

తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి పాత వీధుల్లో ఒకదానికొకటి ఆనుకుని కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో మిద్దె మీదికి వెళితే ఫోన్‌లో నాలుగు గీతలు నిండుగా కనిపిస్తాయి. కింది పోర్షన్ వెనక గదిలోకి వచ్చేసరికి గీత ఒక్కటే మిగులుతుంది. ఫోన్ మోగుతుంది, ఎత్తితే మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది, ఓటీపీ రావాల్సిన టైముకి రాదు. వెంటనే మనసు రెండు వైపులకి పోతుంది. ఒకటి కంపెనీని తిట్టుకోవడం, రెండోది ఆన్‌లైన్‌లో బూస్టర్ వెతకడం. ఈ రెండింటికన్నా ముందు సిగ్నల్ ఎక్కడెక్కడ ఎంత పోతోందో లెక్క చూసుకుంటే, ఏ పరికరం పనికొస్తుందో ఏది రాదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

గీతల్ని నమ్ముకుంటే లెక్క కుదరదు. ఏ బలానికి ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారుచేసేవాళ్ల ఇష్టం. ఒకే చోట పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లలో ఒకదాంట్లో రెండు గీతలు, ఇంకోదాంట్లో మూడు గీతలు కనిపించడం మామూలే. అసలు అంకె లోపల ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డయల్ ప్యాడ్ మీద `*#*#4636#*#*` కొడితే చాలా మోడళ్లలో ఒక పేజీ తెరుచుకుంటుంది. అది రాకపోతే సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల కింద సిమ్ స్టేటస్‌లో చూడొచ్చు. ఐఫోన్‌లో అయితే `*3001#12345#*` కొట్టాలి. అక్కడ `-105 dBm` లాంటి అంకె కనిపిస్తుంది. 4జీలో దీన్నే `RSRP` అని రాస్తారు. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతున్నట్టు. -80 ఉంటే బ్రహ్మాండం, -100 దాకా ఇబ్బంది ఉండదు, -110 దాటితే తడబాటు మొదలవుతుంది, -120 దగ్గర కాల్ నిలబడటమే కష్టం. ఒక్క విషయం గుర్తుంటే చాలు: 10 డెసిబెల్స్ తగ్గితే బలం పదో వంతు అవుతుంది, 20 తగ్గితే నూరో వంతు.

ఇప్పుడొక ఇంటిని తీసుకుందాం. కింద ఒక పోర్షన్, పైన రెండు అంతస్తులు, ఆపైన మిద్దె. ఎదురుగా ఇరుకు వీధి, రెండు పక్కలా రెండు మూడు అడుగుల సందు వదిలి పక్కవాళ్ల గోడలు. 400 మీటర్ల దూరంలో ఒక లాడ్జి మీద టవర్ ఉంది. అది 1800 మెగాహెర్ట్జ్‌లో 4జీ ఇస్తోంది. ఇలాంటి ఇంట్లో కొలిస్తే వచ్చే అంకెలు ఇంచుమించు ఇలా ఉంటాయి. మిద్దె మీద -78. వీధి గుమ్మం ముందు -88. ముందు గదిలో కిటికీ పక్కన -96. నడిమి హాలులో -107. వెనక పడకగదిలో -118.

మొదటి 10 డెసిబెల్స్ ఇంటి గోడల వల్ల పోలేదన్నది గమనించాలి. మిద్దె మీద నుంచి చూస్తే టవర్ కంటికి కనిపిస్తుంది. గుమ్మం ముందు నిలబడితే కనిపించదు, మధ్యలో నాలుగు వీధుల మిద్దెలు అడ్డం. అక్కడికి వచ్చేది ఎదురింటి గోడకు తగిలి తిరిగొచ్చిన అల, మిద్దె అంచుల మీదుగా వంగి దిగిన అల. అందుకే కొత్తగా ఎదురుగా ఎవరో మూడంతస్తులు లేపితే, మన ఇంట్లో ఏ మార్పూ లేకుండానే సిగ్నల్ పడిపోతుంది. ఉత్తరాన శేషాచలం కొండ పాదానికి దగ్గరగా ఉన్న వీధుల్లో దీనికి ఇంకో చిక్కు కూడా తోడవ్వొచ్చు. టవర్లు ఎక్కువగా ఊరి వైపే ఉంటాయి కాబట్టి, ఆ దిక్కున ఒక పెద్ద భవనం అడ్డమొస్తే వేరే దిక్కు నుంచి ఆదుకునే టవర్ తక్కువ.

ఆ తర్వాత పోయిన 30 డెసిబెల్స్ గోడలవి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ తన నమూనా లెక్కల్లో ఒక కాంక్రీట్ గోడకి 1800 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 12 డెసిబెల్స్ నష్టం వేసుకుంటుంది. అదే గోడకి 850 దగ్గర 8, 5జీ నడిచే 3500 దగ్గర 19. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడ అంత మందంగా పనిచేస్తుందన్నమాట. మామూలు కిటికీ అద్దానికి రెండు మూడు డెసిబెల్స్ మాత్రమే పోతాయి. కానీ ఎండ వేడి లోపలికి రాకుండా పల్చటి లోహపు పూత వేసిన అద్దానికి అదే లెక్కలో 23కి పైగా పోతాయి. అంటే అద్దాలతో ధగధగలాడే కొత్త షోరూమ్ లోపల, పాతకాలం ఇటుక ఇంట్లోకన్నా సిగ్నల్ అధ్వాన్నంగా ఉండటంలో వింతేమీ లేదు. మన ఇంట్లో ముందు గది కిటికీ వల్ల కొంత బతికింది. హాలుకి ఒక గోడ, వెనక గదికి ఇంకో గోడ, దాని పక్కన మెట్ల కింద కాంక్రీటు, ఇనుప బీరువా. అన్నీ కలిసి మిద్దె మీద అందినదాంట్లో పదివేల వంతు మాత్రమే వెనక గదికి చేరింది.

గోడల వల్ల ఇంకో సంగతి కూడా జరుగుతుంది. మన కంపెనీలు ఒకే టవర్ మీద నుంచి రకరకాల ఫ్రీక్వెన్సీలు ఇస్తాయి. వాటిలో 2300 లాంటి పై బ్యాండ్లలో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ. 850, 900 లాంటి కింది బ్యాండ్లు గోడల్ని బాగా దాటతాయి కానీ వాటిలో చోటు తక్కువ. ఇళ్ల లోపల ఉన్న ఫోన్లన్నీ పై బ్యాండ్ అందక కింది బ్యాండ్‌లోకి దిగి అక్కడ కిక్కిరిసిపోతాయి. గీతలు బాగానే ఉన్నా నెట్ కదలకపోవడానికి ఇదొక కారణం. బ్రహ్మోత్సవాలప్పుడు రైల్వేస్టేషన్, బస్టాండ్ చుట్టుపక్కల జరిగేది కూడా ఇలాంటిదే. అక్కడ సిగ్నల్ తగ్గదు, పంచుకునేవాళ్లు పెరుగుతారు. -80 చూపిస్తూ కూడా పేజీ తెరుచుకోకపోతే అది బలం సమస్య కాదు, రద్దీ సమస్య. దానికి ఏ బూస్టరూ మందు కాదు.

టవర్ నుంచి ఫోన్‌కి వచ్చేది సగం కథే. ఫోన్ నుంచి టవర్‌కి పోయేది మిగతా సగం, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తెర మీద కనిపించే గీతలు, అంకెలు అన్నీ టవర్ మాట ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి. ఫోన్ మాట టవర్‌కి ఎలా వినిపిస్తోందో తెర మీద ఎక్కడా కనిపించదు. టవర్ 40 వాట్లతో పంపుతుంటే ఫోన్ తన శక్తినంతా కూడదీసుకున్నా 0.2 వాట్ మించి పంపలేదు. వెనక గదిలో -118 ఉన్నచోట టవర్‌కీ ఫోన్‌కీ మధ్య మొత్తం నష్టం సుమారు 133 డెసిబెల్స్. ఫోన్ తన బలమంతా బ్యాండ్‌లో ఒక సన్నని ముక్కలోకి కుదించి పంపితే, టవర్ దగ్గర అది అక్కడ ఎప్పుడూ ఉండే రేడియో రొదకన్నా నాలుగు రెట్లు పైన ఉంటుంది. మాటకి సెకనుకి కొన్ని పదుల కిలోబిట్లు చాలు కాబట్టి కాల్ ఎలాగోలా నడుస్తుంది. ఫొటో పంపాలంటే, వీడియో కాల్ చేయాలంటే అలాంటి ముక్కలు పది కావాలి. అదే 0.2 వాట్‌ని పదింటికి పంచితే ఒక్కోదాని బలం రొదకన్నా కిందికి పోతుంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. వీడియో కాల్‌లో అవతలివాళ్లు మనకి చక్కగా కదులుతూ కనిపిస్తారు, మనం మాత్రం వాళ్లకి ఆగిపోయిన బొమ్మలా కనిపిస్తాం. ఫోన్ కాల్‌లో వాళ్ల మాట మనకి వినిపిస్తుంది, వాళ్లు "హలో, హలో" అంటూనే ఉంటారు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో దిగుతుంది, మనం పంపింది గడియారం గుర్తు దగ్గరే ఆగిపోతుంది. ఆ గదిలో ఫోన్ వేడెక్కడం, ఛార్జింగ్ తొందరగా అయిపోవడం కూడా ఇందుకే. టవర్ వినిపించుకోవడం లేదని తెలిసినకొద్దీ ఫోన్ గొంతు పెంచుతూ పోతుంది.

ఇక బూస్టర్ సంగతి. ఇందులో నాలుగు భాగాలుంటాయి. బయట పెట్టే యాంటెనా, కేబుల్, మధ్యలో యాంప్లిఫయర్ పెట్టె, లోపల పెట్టే చిన్న యాంటెనా. బయట అందిన సిగ్నల్‌ని పెంచి లోపల వదులుతుంది, లోపల ఫోన్ పంపినదాన్ని పెంచి బయటికి వదులుతుంది. సొంతంగా సిగ్నల్ పుట్టించదు. మిద్దె మీద -78 ఉన్న మన ఇంట్లో అది పనిచేయడానికి అవకాశం ఉంది. మిద్దె మీద కూడా -115 ఉండి, మూడు టవర్ల అలలు కలగాపులగంగా వచ్చేచోట అది ఆ గందరగోళాన్నే పెంచి లోపలికి తెస్తుంది. ఫోన్ వెనక అంటించే స్టిక్కర్ యాంటెనాలు, కేస్ లోపల పెట్టే రేకులు ఈ పని కూడా చేయవు. వాటి జోలికి పోనక్కర్లేదు.

పెట్టె మీద 65 డెసిబెల్స్ అని రాసి ఉందనుకుందాం. ఆ అంకె మొత్తం వాడుకోగలమా లేదా అన్నది పెట్టె చేతిలో లేదు, ఇంటి చేతిలో ఉంది. లోపలి యాంటెనా వదిలింది బయటి యాంటెనాకి మళ్లీ వినిపిస్తే, అది మళ్లీ పెరిగి లోపలికొస్తుంది, మళ్లీ బయటికి పోతుంది. పెళ్లి పందిట్లో మైకుని స్పీకర్ ముందుకి తీసుకొస్తే కుయ్యిమని కూత పెట్టడం లాంటిదే ఇది, కాకపోతే ఈ కూత చెవికి వినపడదు. అలా కాకుండా ఉండాలంటే రెండు యాంటెనాల మధ్య ఇల్లే అడ్డంగా నిలబడి, పెట్టె పెంచేదానికన్నా కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ నష్టం కలిగించాలి.

చాలామంది చేసే పని బయటి యాంటెనాని వీధి కిటికీకి తగిలించి, లోపలిదాన్ని పక్క గదిలో పెట్టడం. మధ్య దూరం 3 మీటర్లు. 1800 మెగాహెర్ట్జ్‌లో 3 మీటర్ల గాలికి దాదాపు 47 డెసిబెల్స్ పోతాయి, ఒక గోడకి ఇంకో 10. మొత్తం 57. అందులో 15 జాగ్రత్తకి వదిలితే మిగిలింది 42. 65 పెంచే పెట్టెని అక్కడ పెడితే కూత ఖాయం. మంచి పెట్టె అయితే దాన్ని పసిగట్టి తనంతట తానే తగ్గించుకుంటుంది, లేదా ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. చవక పెట్టెకి ఆ తెలివి ఉండదు. కూతపెడుతూనే ఉంటుంది. అప్పుడు పెట్టె పక్కన ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు. దాంతోపాటు పై పోర్షన్ వాళ్లవీ, పక్కింటివాళ్లవీ ఫోన్లు కూడా తడబడటం మొదలవుతుంది.

అదే బయటి యాంటెనాని మిద్దె మీద టవర్ వైపు తిప్పి, లోపలిదాన్ని కింది పోర్షన్‌లో పెడితే మధ్యలో దాదాపు 8 మీటర్లు, రెండు మూడు స్లాబులు అడ్డం వస్తాయి. రెండు స్లాబులే లెక్కేసుకున్నా దూరానికి 55, వాటికి 30. మొత్తం 85 దాటుతుంది, 15 తీసేసినా 70 మిగులుతుంది. 65 పెట్టె అక్కడ నిలబడుతుంది. కేబుల్‌లో పోయేది, పెట్టె శక్తికి ఉండే హద్దు లెక్కలోకి తీసుకున్నా వెనక గదిలో -118 కాస్తా -80 దరిదాపుల్లోకి రావొచ్చు. ఫోన్ గొంతు కూడా తగ్గుతుంది. అంటే సరిగ్గా బిగించిన బూస్టర్ అబద్ధం కాదు. అది పనిచేసే పరిస్థితి మాత్రం ప్రకటనల్లో చెప్పినంత తేలికగా కుదరదు.

కుదిరినా ఇంకో అడ్డంకి ఉంది. మామూలు బూస్టర్ రెండు దారుల్ని ఫ్రీక్వెన్సీని బట్టి విడదీస్తుంది. 1800 బ్యాండ్‌లో ఫోన్ నుంచి టవర్‌కి 1710 నుంచి 1785 వరకు, టవర్ నుంచి ఫోన్‌కి 1805 నుంచి 1880 వరకు. వేరువేరు కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో వైపు పెంచడం కుదురుతుంది. 4జీలో 2300 బ్యాండ్, 5జీలో 3500 బ్యాండ్ అలా కాదు. అక్కడ ఒకే ఫ్రీక్వెన్సీ మీద టవర్, ఫోన్ వంతులవారీగా మాట్లాడతాయి. వంతు సెకనులో వెయ్యో వంతు లెక్కన మారుతుంది. పెట్టె ఆ వంతుల్ని గుర్తించి సరిగ్గా ఆ క్షణానికి దిశ మార్చాలి. చవక పెట్టెలకి అది చేతకాదు. పైన "4జీ, 5జీ బూస్టర్" అని రాసి ఉన్నా, లోపల ఉండేది 900 లేదా 1800 పెంచే సర్క్యూట్ మాత్రమే కావొచ్చు. మన సిమ్ ఆ టవర్ మీద వేరే బ్యాండ్‌లో ఉంటే పెట్టె ఉన్నా లేనట్టే.

అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం కొన్నవాళ్లకి కాదు, వీధికి. యాంప్లిఫయర్ ఏదైనా సిగ్నల్‌తో పాటు తన సొంత రొదని కూడా పెంచి బయటికి పంపుతుంది. ఎవరూ మాట్లాడనప్పుడు కూడా పంపుతూనే ఉంటుంది. మన ఇంటి మిద్దె నుంచి టవర్‌కి, బయటి యాంటెనా కలిపి ఇచ్చే బలం పోగా, నష్టం 83 డెసిబెల్స్ దాకా ఉంటుంది. పెట్టె 65 పెంచినా ఇంకా 18 తక్కువే కాబట్టి ఆ రొద టవర్‌కి చేరేసరికి అణగిపోతుంది. అదే పెట్టెని టవర్‌కి 100 మీటర్ల దూరంలో ఉన్న ఇంటి మీద పెడితే ఆ నష్టం 70కి పడిపోవచ్చు. తేడా 5 డెసిబెల్స్. అప్పుడు ఆ ఒక్క పెట్టె వల్లే టవర్ చెవిలో రొద ఒకటిన్నర రెట్ల దాకా పెరగొచ్చు. ఇందాక చెప్పిన వెనక గది గుర్తుందా? రొదకన్నా నాలుగు రెట్లు పైన ఉండి బొటాబొటిగా బతికే కాల్ అది. ఎక్కడో ఎవరింటి మీదో పెట్టిన పెట్టె వల్ల అలాంటి గదుల్లో కాల్స్ తెగిపోతాయి, కారణమేంటో ఆ ఇంటివాళ్లకి ఎప్పటికీ తెలియదు.

చట్టం కఠినంగా ఉన్నది ఇందుకే. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం దాకా రేడియో పరికరం దగ్గర ఉంచుకోవాలంటే అనుమతి లేదా మినహాయింపు ఉండాలన్నదే నియమం. 2022 జూలైలో కేంద్ర టెలికాం శాఖ ఒక ప్రకటనలో ఈ విషయం విడమరిచి చెప్పింది. లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీలు తప్ప మరెవరూ, వ్యక్తులైనా సంస్థలైనా, మొబైల్ బూస్టర్ లేదా రిపీటర్ దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, వాడటం చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా, బిల్లు ఇస్తున్నారు కదా అని ధైర్యపడితే కుదరదు. రొద ఎక్కడి నుంచి వస్తోందో కంపెనీ ఇంజనీర్లు దిక్కు చూపే యాంటెనాతో వీధి వీధీ తిరిగి పట్టుకోగలరు. పెట్టెని స్వాధీనం చేసుకుంటారు, పెట్టిన డబ్బు పోతుంది, కేసు టెన్షన్ వేరే. ఇది చదివి కూడా లెక్క కుదిరింది కదా అని మిద్దె మీద బూస్టర్ బిగించుకోవద్దని గట్టిగా చెప్పాలి. బూస్టరే దారి అనిపించిన చోట అది కంపెనీ పెట్టాలి, కంపెనీ పేరు మీదే ఉండాలి.

ఫెమ్టోసెల్ దారి పూర్తిగా వేరు. అది బయటి సిగ్నల్‌ని పెంచదు. అదే ఒక బుల్లి టవర్. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ రౌటర్‌కి కేబుల్‌తో తగిలిస్తే, ఇంటర్నెట్ మీదుగా రహస్య సొరంగం లాంటి భద్రమైన దారి వేసుకుని కంపెనీ నెట్‌వర్క్‌కి కలుస్తుంది. ఫోన్‌కి మాత్రం అది మామూలు టవర్‌లాగే కనిపిస్తుంది. బయట టవర్ అసలు అందకపోయినా ఫర్వాలేదు, ఇంట్లో నెట్ ఉంటే చాలు. పంపే శక్తి ఒక వాట్‌లో యాభయ్యో వంతు నుంచి పదో వంతు మధ్యలో ఉంటుంది. మన ఇంటి హాలులో 20 మిల్లీవాట్ల ఫెమ్టోసెల్ పెడితే 5 మీటర్ల దూరంలో, గోడ అవతల వెనక గదిలో -80 దగ్గర అందుతుంది. ఫోన్‌కీ దానికీ మధ్య నష్టం 133 బదులు 60 చిల్లర. ఫోన్ గుసగుసలాడితే చాలు, వేడెక్కడం ఆగిపోతుంది. టవర్‌ని నూరుమందితో పంచుకోవాల్సిన పని కూడా ఉండదు. బూస్టర్ ఎప్పటికీ చేయలేనిది ఇదే.

కానీ దానికి దాని కట్టుబాట్లున్నాయి. అది కంపెనీ కొన్న స్పెక్ట్రమ్ మీద నడుస్తుంది, కాబట్టి ఆ కంపెనీ ఇస్తేనే, ఆ కంపెనీ సిమ్‌లకే. ఇంట్లో నాన్నది ఒక కంపెనీ, పిల్లలది ఇంకోటి అయితే ఒక పెట్టె అందరికీ పనికిరాదు. ఇళ్లకిచ్చే రకం ఒకేసారి నాలుగు నుంచి ఎనిమిది కాల్స్ దాకా మోస్తుంది. పెట్టె ఏ ఊళ్లో, ఏ చోట ఉందో కంపెనీకి తెలియాలి, టైము కూడా ఖచ్చితంగా ఉండాలి. అందుకని చాలా రకాలు మొదటిసారి జీపీఎస్ పట్టేదాకా పనిచేయవు. వెనక గదిలో పెట్టాల్సిన పెట్టెని కిటికీ పక్కన పెట్టాల్సి రావడం దీనివల్లే. బంధువులు అమెరికా నుంచి తెచ్చిన పెట్టె ఇక్కడ వెలగదు. అది తన సొంత కంపెనీ గేట్‌వేని వెతుకుతుంది, తను ఉన్న చోటు చూసుకుని ఆగిపోతుంది. మాట్లాడుతూ వీధిలోకి నడిస్తే పెట్టె నుంచి బయటి టవర్‌కి కాల్ సాఫీగా మారాలి. రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా ఎరగకపోతే గుమ్మం దగ్గరే కాల్ తెగుతుంది.

విదేశాల్లో దీనికి ఒక చరిత్రే ఉంది. బ్రిటన్‌లో వోడాఫోన్ 2009లోనూ, అమెరికాలో ఏటీఅండ్‌టీ 2010లోనూ ఇళ్లకి ఫెమ్టోసెల్స్ అమ్మడం మొదలుపెట్టాయి. ఏటీఅండ్‌టీది 3జీ పెట్టె. 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ 3జీ ఆపేసినప్పుడు డబ్బుపోసి కొన్న ఆ పెట్టెలన్నీ పనికిరాకుండా పోయాయి. మన దగ్గర దుకాణంలో కొని ఇంట్లో పెట్టుకునే ఫెమ్టోసెల్ మామూలు వినియోగదారుడికి దొరికే వస్తువు కాదు. కంపెనీలే ఆసుపత్రులు, పెద్ద హోటళ్లు, షాపింగ్ మాల్స్ లాంటి చోట్ల చిన్న సెల్స్ పెడతాయి, లేదా ఒక మూల నుంచి కేబుళ్లు లాగి ప్రతి అంతస్తులో చిన్న యాంటెనాలు బిగిస్తాయి. తిరుపతిలో సెల్లార్‌లో రిసెప్షన్, పార్కింగ్ పెట్టుకున్న లాడ్జికి సరైన దారి ఇదే. యజమాని కంపెనీకి రాతపూర్వకంగా అడగాలి, కేబుల్‌కి దారి, కరెంటు ఇవ్వడానికి ఒప్పుకోవాలి. ఒక్కో భవనంలో ఫోన్, నెట్ ఎలా అందుతున్నాయో చూసి రేటింగ్ ఇచ్చే నిబంధనలు ట్రాయ్ 2024లో తెచ్చింది. కొత్తగా కట్టేవాళ్లు పునాది దశలోనే యాంటెనా కేబుళ్లకి పైపులు వదిలితే తర్వాత గోడలు పగలగొట్టే బాధ తప్పుతుంది.

మామూలు ఇంటికి వచ్చేసరికి ఫెమ్టోసెల్ చేసే పనిలో ముఖ్యమైన భాగం ఇప్పుడు ఏ పెట్టే లేకుండా ఫోన్‌లోనే ఉంది. అదే వైఫై కాలింగ్. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లోనూ, జియో 2020 జనవరిలోనూ మొదలుపెట్టాయి. ఫెమ్టోసెల్ వేసుకునే భద్రమైన దారినే ఫోన్ తానే వేసుకుని, వైఫై మీదుగా కంపెనీ నెట్‌వర్క్‌కి కలుస్తుంది. నంబర్ మారదు, అవతలివాళ్లకి మామూలు కాల్‌లాగే వెళ్తుంది, వాళ్లకి ఆ సౌకర్యం ఉండాల్సిన పనీ లేదు. కావాల్సిన వేగం కూడా చాలా తక్కువ, ఒక కాల్‌కి సెకనుకి 100 కిలోబిట్లు చాలు.

అయినా చాలా ఇళ్లలో ఆన్ చేసి "ఏం తేడా లేదు" అంటారు. కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. వీధి గదిలో టీవీ పక్కన రౌటర్ ఉంటుంది. వెనక గదికి దాని వైఫై కూడా అవే గోడలు దాటి రావాలి, అది కూడా అక్కడికి వచ్చేసరికి నీరసించిపోతుంది. రౌటర్‌ని హాలు మధ్యకి జరపడమో, వెనక గదికి కేబుల్ లాగి అక్కడ రెండో రౌటర్ పెట్టడమో చేయాలి. రెండోది, ఫోన్ అసలు వైఫైకి మారకపోవడం. -112 దగ్గర కూడా మొబైల్ సిగ్నల్ ఉందనుకుని దాన్నే పట్టుకుని వేలాడుతుంది. సెట్టింగ్స్‌లో కాల్స్‌కి వైఫైకే మొదటి ప్రాధాన్యం ఇచ్చే ఆప్షన్ ఉంటే అది ఎంచుకోవాలి.

నిజంగా పనిచేస్తోందా అన్నది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫ్లైట్ మోడ్ వేసి, వైఫై ఒక్కటే తిరిగి ఆన్ చేసి, వెనక గదిలో కూర్చుని కాల్ చేయాలి. కలిస్తే వైఫై కాలింగ్ బాగానే ఉంది, మిగతా సమస్య ఫోన్ ఎంపికలో ఉంది. కలవకపోతే అదే పరీక్ష రౌటర్ పక్కన చేయాలి. అక్కడ కలిస్తే వైఫై బలం చాలట్లేదు. అక్కడా కలవకపోతే సిమ్‌లో సేవ ఆన్ కాలేదు, లేదా ఆ ఇంటర్నెట్ కనెక్షన్ ఆ దారిని అడ్డుకుంటోంది. లాడ్జిల వైఫైలో ఈ చివరిది ఎదురుకావొచ్చు. కరెంటు పోతే రౌటర్‌తో పాటు కాల్ కూడా పోతుంది కాబట్టి రౌటర్‌ని, ఫైబర్ పెట్టెని ఇన్వర్టర్ లైన్ మీద ఉంచుకోవాలి.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లకి ఈ దారి లేదు. వాళ్లు చేయగలిగింది ముందు సిమ్ పరీక్ష. ఇంట్లోవాళ్లవో పక్కింటివాళ్లవో వేరే కంపెనీల సిమ్‌లు ఉన్న ఫోన్లు తెచ్చి, అదే వెనక గదిలో అదే మూల అంకెలు చూడాలి. ఒక కంపెనీ -118, ఇంకోటి -102 చూపిస్తే నంబర్ మార్చకుండా కంపెనీ మారడమే అన్నిటికన్నా చవకైన మందు. ఏ టవర్ ఎక్కడుందో, ఏ కంపెనీదో చూసుకోవడానికి టెలికాం శాఖ నడిపే తరంగ్ సంచార్ పోర్టల్ ఉంది.

కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు "మా ఇంట్లో సిగ్నల్ రావట్లేదు" అని మాత్రమే చెబితే, ఫోన్ ఆపి ఆన్ చేయమని చెప్పి మూసేస్తారు. మిద్దె మీద, వీధిలో, ముందు గదిలో, వెనక గదిలో కొలిచిన నాలుగు అంకెలు, కొలిచిన టైము, ఫోన్ మోడల్ రాసి ఇవ్వాలి, ఫిర్యాదు నంబర్ తీసుకోవాలి. తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లాలి. మిద్దె మీద -78 ఉండి లోపల మాత్రమే పడిపోతుంటే వాళ్లు టవర్ సరిగ్గానే ఉందంటారు, ఆ మాట నిజమే. ఆ ఇంటికి వైఫై కాలింగే దారి. మిద్దె మీద కూడా -110 ఉంటే మాత్రం అది ఇంటి గోడల సమస్య కాదు, ఆ వీధి మొత్తానికి కవరేజీ లేదన్నమాట. అప్పుడు ఒక్క ఇంటి ఫిర్యాదు కాకుండా, వీధిలో పది మిద్దెల మీద కొలిచిన అంకెలతో కలిసి ఇచ్చే ఫిర్యాదుకి బలం ఎక్కువ. టవర్ యాంటెనా దిక్కు మార్చాలో, వంపు మార్చాలో, కొత్తది పెట్టాలో నిర్ణయించడానికి ఇంజనీర్లకి కావాల్సింది అలాంటి సమాచారమే.